ఖాళీ అని రాసిన అరగంట

మా స్టాఫ్ రూములో నా బల్లకు ఎదురుగా కూర్చునే మెకానికల్ లెక్చరర్‌ను పిల్లలు ఖాళీ మేడం అంటారు. ఆవిడకు ఆ సంగతి తెలుసు. మొదటిసారి చెవిన పడినప్పుడు తన ఒళ్లు ఒకసారి చూసుకుని, "పోనీలే, నిండు మేడం అనలేదు" అని నవ్వేసింది. నేను ఫిజిక్సు చెబుతాను. ఆవిడకంటే చిన్నదాన్ని, అక్కా అని పిలుస్తాను, అవసరమైనప్పుడు విసుక్కుంటాను కూడా. ఆవిడ మీద విసుక్కునే హక్కు ఈ కాలేజీలో నాకొక్కదానికే ఉందని నా గట్టి నమ్మకం.

పేరుకు ఖాళీ మేడమే గానీ ఆవిడకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. భర్త ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఆయన డ్యూటీ ఏ వారం పగలో, ఏ వారం రాత్రో ఆయనకే గుర్తుండదు. ఇంట్లో బడికి వెళ్లే ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు. ఆ అత్తగారు రోజూ పొద్దున గుమ్మం దాకా వచ్చి, "ఇవాళైనా వెలుగుండగా వస్తావా?" అని అడుగుతుందట. ఈవిడ, "వచ్చేస్తానత్తయ్యా" అంటుందట. అది జరిగే పని కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ రెండు మాటలూ చెప్పుకోకుండా గడప దాటితే గొడుగు మరిచిపోయినట్టు ఉంటుందని అక్క చెబుతుంది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే పోయినేడాది టెక్నికల్ ఫెస్ట్ సంగతి చెప్పాలి. రెండు రోజుల సందడి అది. చుట్టుపక్కల కాలేజీల పిల్లలంతా వస్తారు. కోడింగ్ పోటీ, క్విజ్, కాగితంతో వంతెనలు కట్టి బరువులు పెట్టే పోటీ, అన్నిటికంటే చివర రోబో బండ్ల పందెం. పోయినేడాది ఏదీ పెద్దగా ఆలస్యం కాలేదు, అన్నీ కాస్త కాస్త ఆలస్యమయ్యాయి. ప్రారంభించడానికి వచ్చినాయన మైకు వదల్లేదు. క్విజ్‌లో ఒక జవాబు మీద గొడవ పడ్డారు. వంతెనల బరువులు మోసుకొచ్చేవాళ్లు టీకి వెళ్లారు. ఆ కాస్తలన్నీ కలిసి రోబో పందెం ఫైనల్ నెత్తిన పడ్డాయి. మర్నాడు పరీక్ష, హాల్లో బెంచీలు వేయాలి. బెంచీలవాళ్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఫైనల్ జరగలేదు.

దూరం నుంచి వచ్చిన ఒక కాలేజీ పిల్లలు తమ బండిని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కారు. అక్క పరుగున వెళ్లి కిటికీ దగ్గర నిలబడి, ఏమీ అనుకోవద్దని చెప్పింది. బండిని ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి, "ఫర్వాలేదు మేడం, ఫెస్ట్ బాగా జరిగింది" అందట. నెలల తరబడి కష్టపడి బండి చేసుకొచ్చి, దాన్ని పరిగెత్తించకుండా తిరిగి వెళ్లేవాళ్ల నోటి నుంచి ఆ మాట వినడం అక్క వల్ల కాలేదు. "నాలుగు తిట్టినా బాగుండేదే" అని ఏడాది పొడుగునా నా బుర్ర తింటూనే ఉంది.

ఈ ఏడాది అనుమతి కోసం ఇద్దరం వెళితే ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆలస్యమంటే మాత్రం ఆయనకు ఒళ్లు మంట.

"హాలిస్తాను, కరెంటిస్తాను. మిగతా ఖర్చంతా స్పాన్సర్ల నుంచి తెచ్చుకోండి" అన్నారు. "రెండో రోజు అయిదింటికి హాలు నా చేతికి రావాలి. పరీక్ష మళ్లీ మర్నాడే పడింది. రాకపోతే ఇక ఈ కాలేజీలో ఫెస్ట్ మాట ఎత్తొద్దు మేడం."

"వస్తుంది సర్" అంది అక్క.

బయటికొచ్చాక, అంత గట్టిగా ఎలా చెప్పావని అడిగాను. "ఇంకేం చెప్పను? చూద్దాం సర్ అంటే అక్కడే అయిపోయేది" అంది.

ఆ సాయంత్రం నుంచే పని మొదలుపెట్టింది. అందరూ మొదటి రోజు నుంచి చివరి రోజుకు లెక్క వేస్తే, ఈవిడ ఆ అయిదు గంటల దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచింది. హాలు అప్పగించాలంటే రోబో బండ్లు పరిగెత్తే ట్రాక్ ఎప్పుడు విప్పాలి, విప్పాలంటే ఫైనల్ ఎప్పుడు ముగియాలి, ట్రాక్ అద్దెకు రావాలంటే అడ్వాన్స్ ఎప్పుడు కట్టాలి, కట్టాలంటే స్పాన్సర్ల డబ్బు ఎప్పటికి చేతికి రావాలి. పిల్లల్ని కమిటీలుగా విడగొట్టింది. స్పాన్సర్లకు ఒకటి, కార్యక్రమాలకు ఒకటి, ప్రచారానికి, రిజిస్ట్రేషన్లకు, వచ్చినవాళ్ల భోజనాలకు, బసకు వేర్వేరుగా. ప్రతి పనికీ ఒకే ఒక్క మనిషి. "'మేం చూసుకుంటాం మేడం' అంటే నాకొద్దు. మేం అంటే ఎవరూ కాదు. ఎవరు చూసుకుంటారో చెయ్యెత్తండి" అనేది. ప్రతి వారం ఆ ఎత్తిన చేతుల్నే పిలిచి అడిగేది.

స్పాన్సర్ల లెక్కకు మూడు గడులు పెట్టింది. అడిగాం, ఒప్పుకున్నారు, చేతికొచ్చింది. మూడో గడిలో ఉన్నదాన్నే ఖర్చుపెట్టాలి. గడువు నాటికి ఆ గడి నిండకపోతే ఖర్చెక్కువైన కార్యక్రమం ముందు ఎగిరిపోతుంది. అంటే రోబో పందెమే. ట్రాక్ అద్దె అన్నిటికంటే ఎక్కువ. ఆ నియమం రాసేటప్పుడు ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగడం నేను చూశాను.

ఇక కార్యక్రమాల చార్టు. మా స్టాఫ్ రూము గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు కాగితం అతికించి, ఒక్కో కార్యక్రమానికి ఒక్కో రంగు ముక్క పెట్టింది. హాల్లో ఒకటి ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోటల్లా తెల్లముక్క. దాని మీద లావు అక్షరాల్లో 'ఖాళీ'. ఒక్కొక్కటి అరగంట.

చార్టు చూపించిన మీటింగ్‌లో కార్యక్రమాల కమిటీ పెద్ద, పొడుగ్గా ఉండే కుర్రాడు, తల గోక్కున్నాడు. "ఇన్ని ఖాళీలెందుకు మేడం? ఇంకో రెండు ఈవెంట్లు ఇరికించొచ్చు."

"నువ్వు చొక్కా కొనుక్కునేటప్పుడు ఒంటికి అతుక్కునేది కొంటావా, చెయ్యెత్తితే చిరగనిది కొంటావా?" అంది అక్క. "ముందుది ఆలస్యమైతే ఈ ఖాళీ మింగేస్తుంది. తరవాతి దాని మీద పడదు. దీని జోలికి ఎవరూ రాకూడదు."

ఆ రోజు నుంచే ఆవిడ ఖాళీ మేడం అయింది. ఆ మీటింగ్‌లో ఒక్క మనిషి మాత్రం లేదు. స్పాన్సర్ల కమిటీని నడిపే మూడో సంవత్సరం అమ్మాయి. ఏ మాట మాట్లాడినా టార్గెట్‌తో మొదలుపెడుతుందని ఆ పిల్లకు టార్గెట్ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ మధ్యాహ్నం అది ఏదో కంప్యూటర్ల షాపు ముందు, యజమాని భోజనం చేసి రావడం కోసం నిలబడి ఉంది. చార్టు తరవాత తీరిగ్గా చూసుకుని, ఫోనులో ఫొటో తీసుకుంది.

పాపం, దాని కష్టం చిన్నది కాదు. కోచింగ్ సెంటర్లు, షాపులు, ఫ్యాక్టరీలు, బ్యాంకులు అన్నీ తిరిగింది. వెళ్లిన చోటల్లా మంచినీళ్లు ఇచ్చి, "చూద్దామమ్మా" అనేవాళ్లు. మొదట్లో ప్రతి 'చూద్దాం'నీ ఒప్పుకున్న గడిలో వేసుకొచ్చేది. అక్క వాటన్నిటినీ తీసి మొదటి గడిలోకి నెట్టేసేది. "మనవాళ్లు మొహం మీద కాదనలేక వాడే మాట అది" అని చెబితే, టార్గెట్ మొహం మాడ్చుకుని, మళ్లీ బ్యాగు తగిలించుకుని బయల్దేరేది. ప్రింటింగ్ షాపువాళ్లు బ్యానర్లు ఊరికే వేసిస్తామన్నారు. ఒకాయన బహుమతుల ఖర్చు పెట్టుకున్నాడు. ట్రాక్ అద్దె మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

గడువు రేపనగా టార్గెట్ బిస్కెట్ డబ్బాతో మా గదిలోకి దూసుకొచ్చింది. డ్రిల్లింగ్ మిషన్లు, రెంచీలు అమ్మే కంపెనీ ఒప్పుకుందట. డబ్బు అప్పటికే కాలేజీ ఖాతాలో పడిందట. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను రెండు బిస్కెట్లు తిన్నాను, అక్క వెంటనే ట్రాక్‌వాళ్లకు అడ్వాన్స్ పంపించింది. ఆ తరవాత కుర్చీలో వెనక్కి వాలి, మాటవరసకు అడిగినట్టు అడిగింది.

"మరి వాళ్లకేమిచ్చాం?"

"బ్యానర్ మీద లోగో, గేటు దగ్గర స్టాల్, స్టేజీ మీద డెమోలు మేడం" అంది టార్గెట్, మెరిసే కళ్లతో. "హాల్లో ఖాళీలున్నాయి కదా, అవన్నీ ఇచ్చేశాను."

నా చేతిలో మూడో బిస్కెట్ అక్కడే ఆగిపోయింది.

"ఏ ఖాళీలు?" అని అడిగింది అక్క నెమ్మదిగా.

"చార్టులో రాసిపెట్టారు కదా మేడం, ఖాళీ, ఖాళీ అని." ఆ పిల్ల గోడ వైపు చూపించింది. మా మొహాలు చూసి దాని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "ఖాళీ అంటే... ఎవరికీ ఇవ్వలేదని కాదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సంతలో స్థలం అమ్మినట్టు అమ్మేసిందని, మీటింగ్‌కు రాకపోతే ఇలాగే ఏడుస్తుందని నోటికొచ్చినట్టు అన్నాను. అక్క నా మోచేతి మీద చెయ్యేసి ఆపింది.

"దాన్నెందుకంటావు? ఖాళీ అని రాసి ఊరుకున్నాను. ఇంటి తలుపు మీద ఖాళీ అని రాస్తే అద్దెకు అడగరా ఎవరైనా?"

టార్గెట్ అప్పటికే ఏడుస్తోంది. "డబ్బు తిరిగిచ్చేద్దాం మేడం. నేనే వెళ్లి చెప్తాను."

తిరిగిస్తే రోబో పందెం లేదు. అప్పటికే పేర్లు ఇచ్చిన కాలేజీల్లో పోయినేడాది తువ్వాల్లో బండి చుట్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇవ్వకపోతే డెమోలు ఖాళీలన్నిటినీ తినేస్తాయి, అయిదింటికి హాలు చేతికి రాదు, ఫెస్ట్ శాశ్వతంగా పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అచ్చంగా అక్కడే నిలబడ్డాం. డెమోలు అయిదేసి నిమిషాలకు కుదిద్దామని, కంపెనీవాళ్లకు ఆ రోజే చెబితే సరిపోతుందని నేనొక తెలివైన సలహా ఇచ్చాను. అక్క నా వంక చూసిన చూపుకు ఆ సలహాను నేనే వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు అక్కకు ల్యాబ్ ఉంది. అక్కడ మా కాలేజీ జట్టు తమ బండిని పరీక్షిస్తోంది. మలుపులో చక్రం ఊడింది. దానికి సరిపడే స్క్రూడ్రైవర్ కోసం నలుగురూ నాలుగు వైపులకు పరిగెత్తారు. ఒకడు దువ్వెనతో ప్రయత్నించాడు. అక్క అది చూస్తూ నిలబడిపోయి, తరవాత సరాసరి నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను పాఠం మధ్యలో ఉన్నాను.

"ఆ ఖాళీ అరగంటల్లో పిల్లలెక్కడుంటారు?" అని అడిగింది.

"నాకేం తెలుసక్కా? టీ దగ్గర ఉంటారు."

"కాదు. నేల మీద కూర్చుని బండ్లు విప్పుకుంటూ ఉంటారు. స్టేజీ మీద ఎవరు ఏం చెప్పినా ఒక్కడూ తలెత్తడు. పద, ఆ మేనేజర్ దగ్గరికి వెళ్దాం."

కంపెనీ షోరూము పై అంతస్తులో మేనేజర్ గది. కాగితాలు ఎగరకుండా వాటి మీద చిన్న డ్రిల్లింగ్ మిషన్ పెట్టుకున్నాడు. అక్క, నేను, టార్గెట్ ఎదురుగా కూర్చున్నాం. టార్గెట్ తన మోకాళ్ల వంకే చూస్తోంది.

"స్టేజీ టైము ఇస్తామని చెప్పడం మా పొరపాటు సర్" అని మొదలుపెట్టింది అక్క. "అది మేం ఇవ్వలేం. ఇస్తే హాలు ఆలస్యమవుతుంది, ఇంకెప్పుడూ ఫెస్ట్ ఉండదు. మీకిష్టం లేదంటే మీ డబ్బు తిరిగిచ్చేస్తాం."

"ఇది చెప్పడానికి ముగ్గురొచ్చారా?" అన్నాడాయన.

"ఇంకోటి అడగడానికి కూడా సర్. హాలు పక్కన వరండాలో పొడుగు బల్ల వేస్తాం. మీ పనిముట్లు పెట్టండి, చెయ్యి తిరిగిన మనిషిని ఒకర్ని కూర్చోబెట్టండి. చక్రం ఊడిన ప్రతివాడూ, షాఫ్టు విరిగిన ప్రతివాడూ మీ బల్ల దగ్గరికే వస్తాడు. స్టేజీ మీద మీ డ్రిల్ గురించి చెప్తే వినరు. వాళ్ల బండి బాగుచేసిన డ్రిల్‌ని ఎవరూ మర్చిపోరు."

మేనేజర్ కాసేపు డ్రిల్‌ను అటూ ఇటూ తిప్పాడు. తరవాత, "చూద్దాం" అన్నాడు.

టార్గెట్ కళ్లు మూసుకుంది.  ఆ మాటను ఎన్ని నెలలుగా వింటున్నామో మాకు తెలుసు. అక్క మాత్రం చెదరకుండా, "దేన్ని చూద్దాం సర్?" అని అడిగింది.

ఆయన తలెత్తి, మా ముగ్గురి మొహాలూ చూసి నవ్వాడు. "మా సర్వీసు వాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూద్దామంటున్నాను మేడం. మీరంతా అంత భయపడతారేంటి?"

'ఖాళీగా' అన్న మాట వినగానే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెప్పక తప్పలేదు. చెప్పాక ఆయన కూడా నవ్వాడు, టీ తెప్పించాడు. ఒప్పందం కాగితం అక్కడే మార్చి రాసుకున్నాం. తిరిగొచ్చాక అక్క కొత్త నియమం పెట్టింది. హాల్లో ఒక్క నిమిషం ఎవరికి మాటివ్వాలన్నా కార్యక్రమాల కమిటీ సంతకం ఉండాలి. టార్గెట్ ఒక మార్కరు తెచ్చి, చార్టు మీద ప్రతి 'ఖాళీ' కిందా 'ఇది అమ్మబడదు' అని తన చేత్తో రాసింది.

మొదటి రోజు మొదటి ఖాళీని ప్రారంభోపన్యాసం తినేసింది. ఈసారి వచ్చిన ముఖ్య అతిథి కూడా మైకు ప్రియుడే. రెండోదాన్ని క్విజ్‌లో పాడైన బజర్ తినేసింది. నేను చార్టు ముందు నిలబడి లోలోపల ఉడికిపోతుంటే, అక్క బజర్ మార్పించి, "దానికేగా పెట్టాం, తిననీ" అంది. ఏదీ పక్కదాని మీద పడలేదు. క్విజ్ తరవాత వంతెనల పోటీ అనుకున్న సమయానికే మొదలైంది. నేను టీ తాగాను, అది వేడిగా ఉంది. ఫెస్ట్‌లో వేడి టీ తాగడం నాకు అదే మొదటిసారి.

రెండో రోజు వరండా బల్ల దగ్గర జాతరే. కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్ చుట్టూ తలలు తప్ప మనిషి కనిపించలేదు. సెమీఫైనల్ కాగానే పోయినేడాది బస్సులో బండిని ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి, ఈసారి దాన్ని చేతుల్లో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముందు చక్రం షాఫ్టు విరిగింది. తరవాత ఫైనలే. మధ్యలో ఉన్నది తెల్లముక్క అరగంట. మెకానిక్ ఒక ఉక్కు కడ్డీ కోసి, నున్నగా రుద్ది, ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. "నువ్వే బిగించుకో, నీ బండి కదా" అన్నాడు. అక్క పక్కనే నిలబడి ఆ పిల్ల వేళ్లనే చూసింది.

ఫైనల్ జరిగింది. ఆ పిల్ల బండి గెలవలేదు, రెండోదిగా వచ్చింది. గీత దాటుతుంటే ఆ జట్టు వేసిన కేకకు హాలు కప్పు లేచిపోతుందనుకున్నాను. బస్సెక్కే ముందు ఆ అమ్మాయి వెనక్కి వచ్చి, "మలుపులో ట్రాక్ జారుతోంది మేడం, వచ్చే ఏడాది చూసుకోండి" అని ఫిర్యాదు చేసి వెళ్లింది. అక్క ఆ ఫిర్యాదుకు పొంగిపోయినంతగా ఏ పొగడ్తకూ పొంగగా నేను చూడలేదు.

ట్రాక్ విప్పేశారు, హాలు ఊడ్చేశారు. చార్టులో చివరి తెల్లముక్క ముట్టుకోకుండా అలాగే మిగిలిపోయింది. ప్రిన్సిపాల్ బెంచీలవాళ్లను వెంటబెట్టుకుని, గొడవకు సిద్ధపడిన నడకతో లోపలికి వచ్చి, ఖాళీ హాలు చూసి ఆగిపోయారు. చేతి గడియారం చూసుకున్నారు. చెవి దగ్గర పెట్టుకుని కూడా చూశారు.

"ఇంకా అరగంట ఉంది కదా మేడం?"

"అది ఖాళీ సర్" అంది అక్క. "తీసుకోండి."

 ఆయన హాలంతా ఒకసారి చుట్టొచ్చి, "వచ్చే ఏడాది తేదీలు ముందే చెప్పండి. పరీక్ష పక్కన పడకుండా చూస్తాను" అని వెళ్లిపోయారు. టార్గెట్ స్టేజీ మెట్ల మీద కూలబడి భోరుమంది. ఈసారి ఎవరూ ఓదార్చలేదు, అవసరం లేదు.  అక్క మొహం కడుక్కుని వచ్చి, "నన్ను ఇంటి దగ్గర దింపుతావా?" అని అడిగింది.

స్కూటర్ వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి ఇంకా ఎండ ఉంది. అత్తగారు గుమ్మంలో కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది. కోడల్ని చూసి గోడ పట్టుకుని కంగారుగా లేచింది.

"ఏమైందే? ఒంట్లో బాలేదా? ఈసారి కూడా ఆ పందెం జరగలేదా?"

"జరిగిందత్తయ్యా. అంతా అయిపోయింది."

"మరి ఇంత వెలుగుండగా వచ్చావేంటి?"

అక్క అత్తగారిని మళ్లీ కూర్చోబెట్టింది. గడప మీద అత్తగారి పక్కనే కూర్చుని, చెప్పులు విడిచి కాళ్లు చాపింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పెద్దావిడ నా వంక అనుమానంగా చూసి, మళ్లీ కోడలి వైపు తిరిగింది.

"ఇప్పుడేం పనుందే నీకు?"

"ఏం లేదత్తయ్యా" అంది అక్క. "ఖాళీ."